విపక్షాన్ని వెదకని కన్ను: విద్యార్థి ప్రమాణపఠనంలో పక్షపాతం

పక్షపాతం అనే మాట వినగానే మన మనస్సులో ఒక అన్యాయపరుడైన న్యాయాధికారియో, ఒక బిడ్డను ఎక్కువగా చూసే తండ్రియో మెదులుతారు. అంటే, ఒక వ్యక్తి పట్ల చూపే మొగ్గునే మనం పక్షపాతమని పిలవడానికి అలవాటుపడ్డాం. విద్యార్థి ప్రమాణాలను చదివేటప్పుడు కలిగే పక్షపాతం అటువంటిది కాదు. అక్కడ మొగ్గు ఏ మనిషి వైపూ ఉండదు. తాను ముందే నమ్మిన వాక్యం వైపు ఉంటుంది. దానిని బలపరిచే సాక్ష్యం కంటికి వెంటనే ఆనుతుంది, సులభంగా గుర్తుంటుంది, తక్కువ పరీక్షతో లోనికి ప్రవేశిస్తుంది. దానికి విరుద్ధమైన సాక్ష్యం గడప వద్దనే నిలిచి, వంద ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. ఆధునిక మనశ్శాస్త్రజ్ఞులు దీనిని కన్ఫర్మేషన్ బయస్ అన్నారు. తెలుగులో నిర్ధారణ పక్షపాతం అంటున్నాం.

దీనిలో అసత్యం లేదు, వంచన లేదు. ఈ దోషం ఉన్న విద్యార్థి తనను తాను నిష్పక్షపాతిగానే భావిస్తాడు, ఆ భావన కూడా నిజాయితీతో కూడినదే. అందువల్లనే ఈ దోషం దుర్గ్రాహ్యం.

కొన్నేళ్ళుగా ఆదివారం ఉదయాలలో కొద్దిమంది విద్యార్థులతో కలిసి తర్కసంగ్రహం చదువుతున్నాను. అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి కనుక ఆ చిన్న గ్రంథం మీద మాకొక ఇంటి అభిమానం కూడా ఉంది. వచ్చేవారిలో ఇంజినీరింగు చదివేవారు, ఫార్మసీ చదివేవారు, సంస్కృతం ఐచ్ఛికంగా తీసుకున్న డిగ్రీ విద్యార్థులు ఉంటారు. అనుమానఖండం చదువుతున్నప్పుడు వారు తమ పత్రికలలో, చరవాణులలో చదివిన పరిశోధనల సంగతులు తెచ్చి చర్చకు పెడతారు. ఆ చర్చలను గమనించిన కొలదీ, మన నైయాయికులు వ్యాప్తిని గురించి చెప్పిన జాగ్రత్తకూ, గత శతాబ్దపు మనశ్శాస్త్రప్రయోగాలకూ ఉన్న సామీప్యం నాకు స్పష్టపడుతూ వచ్చింది. ఆ రెండింటినీ పక్కపక్కన ఉంచి, వాటినుండి తేలే నాలుగు చిన్న అభ్యాసాలను జిజ్ఞాసువుల ముందుంచడమే ఈ వ్యాసోద్దేశం.

ఒకే పద్ధతి, రెండు తీర్పులు

1979లో చార్లెస్ లార్డ్, లీ రాస్, మార్క్ లెప్పర్ అనే పరిశోధకులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. విషయం మరణశిక్ష. ఆ శిక్ష ఉండటం వల్ల హత్యలు తగ్గుతాయా, తగ్గవా అన్నది ప్రశ్న. ముందుగా ఒక ప్రశ్నావళి ద్వారా విద్యార్థుల అభిప్రాయాలు తెలుసుకొని, మరణశిక్షను గట్టిగా సమర్థించేవారిని 24 మందిని, గట్టిగా వ్యతిరేకించేవారిని 24 మందిని ఎంచుకున్నారు.

ప్రతి విద్యార్థికీ రెండు పరిశోధనల వివరాలు ఇచ్చారు. ఒకదానిలో, కొన్ని రాష్ట్రాలలో మరణశిక్ష అమలులోకి రావడానికి ముందరి హత్యల సంఖ్యను, తరువాతి సంఖ్యతో పోల్చారు. దీనిని పూర్వాపర పద్ధతి అందాం. రెండవదానిలో, మరణశిక్ష ఉన్న రాష్ట్రాన్నీ అది లేని పొరుగు రాష్ట్రాన్నీ జతలుగా తీసుకొని పోల్చారు. దీనిని ప్రాతివేశిక పద్ధతి అందాం. ఒక పరిశోధన శిక్ష వల్ల హత్యలు తగ్గుతాయని చెబుతుంది, రెండవది తగ్గవని చెబుతుంది. నిజానికి ఆ రెండు పరిశోధనలనూ ప్రయోగకర్తలే కల్పించారు. ఆ సంగతి చదివేటప్పుడు విద్యార్థులకు తెలియదు.

ఇక్కడ ప్రయోగంలోని సూక్ష్మం గమనించాలి. సగం మందికి పూర్వాపర పద్ధతి మరణశిక్షకు అనుకూలఫలితం ఇచ్చినట్లు, ప్రాతివేశిక పద్ధతి ప్రతికూలఫలితం ఇచ్చినట్లు చూపారు. మిగిలిన సగానికి పద్ధతులను అట్లే ఉంచి ఫలితాలను తారుమారు చేశారు. కనుక ఒక పద్ధతి నిజంగా దుర్బలమైనదైతే, అది ఏ ఫలితం ఇచ్చినా దుర్బలంగానే కనిపించాలి.

కానీ అట్లా జరగలేదు. ఫలితం తమ నమ్మకానికి అనుకూలమైనప్పుడు విద్యార్థులు ఆ పరిశోధన బాగా జరిగిందన్నారు. అదే పద్ధతి ప్రతికూలఫలితం ఇచ్చినప్పుడు దానిలో లోపాలు కనిపించాయి. పూర్వాపర పోలికలో మధ్యకాలంలో మారిన ఇతర పరిస్థితులను లెక్కలోకి తీసుకోలేదన్న ఆక్షేపణ ఒకరికి ప్రబలంగా తోస్తుంది. ఫలితం తనకు నచ్చినవానికి అదే లోపం ఎదురుగా ఉన్నా తోచదు. రెండు పక్షాలవారూ ఇట్లే ప్రవర్తించారు. చివరకు, సమానబలం గల రెండు విరుద్ధసాక్ష్యాలు చదివిన పిదప ఎవరి నమ్మకమూ సడలలేదు సరికదా, తమ పూర్వాభిప్రాయం మరింత దృఢపడిందని ఇరుపక్షాలవారూ చెప్పారు.

ఈ చివరి అంశానికి ఒక పరిమితి ఉంది. అభిప్రాయం దృఢపడిందన్నది విద్యార్థులు స్వయంగా చెప్పుకున్న మాట. తరువాతి కాలంలో ఇతరులు అభిప్రాయాన్ని ముందొకసారి, వెనుకొకసారి నేరుగా కొలిచి చూసినప్పుడు ఆ దృఢత్వం ప్రతిసారీ కనబడలేదు. కానీ మొదటి అంశం, అంటే ఫలితాన్ని బట్టి పద్ధతికి విలువ కట్టడం మాత్రం, మళ్ళీ మళ్ళీ కనిపిస్తూనే ఉంది. మనకు ముఖ్యమైనది అదే.

మా చర్చాగోష్ఠిలో

ఈ ప్రయోగాన్ని చదివిన తరువాత, మా గోష్ఠిలో చిన్న రూపంలో ఒక అభ్యాసం పెట్టాను. విషయం మనకు సన్నిహితమైనదే ఉండాలని, ధ్యానాన్ని ఎంచుకున్నాను. ఒక కళాశాలలో నలభైమంది విద్యార్థులు ఆరు వారాలు ప్రతిదినం ధ్యానం చేశారని, పరీక్షాభయం ఎంత ఉన్నదో ముందూ వెనుకా వారినే అడిగి తెలుసుకున్నారని, ధ్యానం చేయని మరొక బృందంతో పోల్చలేదని ఒక కాగితం మీద వ్రాశాను. ఇది అభ్యాసం కోసం వ్రాసిన కల్పితవృత్తాంతం. సగం ప్రతులలో చివరివాక్యం ‘భయం గణనీయంగా తగ్గింది’ అని, మిగిలిన సగంలో ‘భయంలో మార్పు కనబడలేదు’ అని ఉంది. మిగతా ప్రతి అక్షరమూ ఒకటే.

మా గోష్ఠికి వచ్చేవారిలో అధికులు ధ్యానం మీద గౌరవం ఉన్నవారు. భయం తగ్గిందన్న కాగితం చదివినవారు, నలభైమంది చాలినంత సంఖ్యేనని, ఆరువారాలు ఉచితమైన వ్యవధి అని, భయం అంతరంగవిషయం కనుక అనుభవించినవారినే అడగడం సమంజసమని అన్నారు. మార్పు లేదన్న కాగితం చదివినవారు, నలభైమంది ఏ మూలకని, ఆరువారాలలో చిత్తం ఎట్లా నిలుస్తుందని, ఎవరు ధ్యానం నేర్పారో, దీక్ష ఎంతో తెలియకుండా తీర్పు ఎట్లా ఇస్తామని అడిగారు. ఒక యువకుడు మాత్రం ధ్యానఫలాలను శంకించే స్వభావం గలవాడు. అతనికి వచ్చింది భయం తగ్గిందన్న కాగితం. పోల్చడానికి వేరొక బృందం లేదన్న లోపాన్ని మొదట పట్టుకున్నవాడు అతడొక్కడే.

ఆ లోపం రెండు కాగితాలలోనూ ఉంది. అదే నిజమైన లోపం కూడా. పరీక్షలు దగ్గరపడినా దూరమైనా భయం దానంతట అదే హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ధ్యానం చేయనివారిలో ఆ ఆరువారాలలో ఏమి జరిగిందో తెలియకుండా, తగ్గిందన్న ఫలితమూ మారలేదన్న ఫలితమూ రెండూ అర్థరహితాలే. కాగితాలు పక్కపక్కన పెట్టి చూపినప్పుడు గది ఒక నిమిషం నిశ్శబ్దమైంది. శాస్త్రాభిమానం ఉన్నవారు, సంశయం ఉన్నవారు ఇద్దరూ ఒకే త్రాసును రెండు రకాలుగా పట్టుకుంటారని నాకు అక్కడ ప్రత్యక్షమైంది. శంకించిన యువకుడు సరియైన లోపాన్ని పట్టాడు. కానీ రెండవ కాగితం అతనికి వచ్చి ఉంటే పట్టేవాడా అని అడిగితే, కొంతసేపు ఆలోచించి, ‘చెప్పలేనండీ’ అన్నాడు. ఆ సమాధానం ఆనాటి చర్చలో నాకు బాగా నచ్చిన మాట.

నిష్పక్షపాతంగా ఉండమన్న ఉపదేశం ఏల చాలదు?

ఇటువంటి సందర్భంలో గురువులు సాధారణంగా చెప్పే మాట ఒకటే: రాగద్వేషాలు విడిచి చదువు. ఈ ఉపదేశం ఎంతవరకు పనిచేస్తుందన్నది కూడా పరీక్షించారు. 1984లో లార్డ్, లెప్పర్, ఎలిజబెత్ ప్రెస్టన్ అదే మరణశిక్షాప్రయోగాన్ని మరల చేశారు. ఒక బృందానికి ఏ సూచనా ఇవ్వలేదు. రెండవ బృందానికి, వీలైనంత నిష్పక్షపాతంగా, న్యాయస్థానంలో సాక్ష్యాన్ని తూచేవారివలె చదవమని చెప్పారు. మూడవ బృందానికి మాత్రం ఒక నిర్దిష్టమైన ప్రశ్న ఇచ్చారు: ప్రతి మెట్టులోనూ, ఇదే పరిశోధన సరిగ్గా వ్యతిరేకఫలితాన్ని ఇచ్చి ఉంటే నేను దీనికి ఇదే విలువ కట్టేవాడినా అని తమను తాము అడుగుకోవాలి.

నిష్పక్షపాతంగా ఉండమన్న ఉపదేశం వల్ల పక్షపాతం తగ్గలేదు. ఉపదేశం లేనివారివలెనే వారూ ప్రవర్తించారు. వ్యతిరేకఫలితాన్ని ఊహించమన్న మూడవ బృందంలో పక్షపాతం దాదాపు అదృశ్యమైంది.

కారణం ఊహించడం కష్టం కాదు. మనం పక్షపాతంతో చదువుతున్నామని మనకు తెలియదు కనుక, దానిని విడిచిపెట్టమంటే ఏది విడవాలో తెలియదు. చేతిలో ఉన్న వస్తువును విడవమంటే విడవగలం. కంటిలో ఉన్న రంగును విడవమంటే ఎట్లా? ఫలితాన్ని తిరగవేసి చూడమనడం చేయదగిన పని. అది మనస్సుకు ఒక కొత్త చిత్రాన్ని ఇస్తుంది, ఆ చిత్రంలో మన విమర్శనాశక్తి తనంతట తానే మేల్కొంటుంది. ప్రతికూలఫలితం మీద మనం ఎంత చక్కగా లోపాలు వెదకగలమో ఇంతకుముందే చూశాం. ఆ నైపుణ్యాన్నే అనుకూలఫలితం మీదికి మళ్ళించడం ఈ ప్రశ్న చేసే ఉపకారం.

కనుక మొదటి అభ్యాసం ఫలితవిపర్యయం. ఒక పరిశోధన నచ్చినప్పుడు, దాని చివరివాక్యాన్ని వ్యతిరేకార్థంలో కాగితం మీద వ్రాసి, ఇప్పుడు దీనిపై నేనేమి ఆక్షేపిస్తాను అని రెండు మూడు వాక్యాలు వ్రాయాలి. నచ్చనప్పుడు కూడా ఇదే చేయాలి. అప్పుడు ప్రశ్న మారుతుంది, ఇది నాకు నచ్చిన ఫలితమై ఉంటే ఈ లోపాలను ఇంత పెద్దవిగా చూసేవాడినా అని.

దీనికి తోబుట్టువు వంటిది రెండవ అభ్యాసం, ఫలితగోపనం. వీలున్నప్పుడు ఫలితాన్ని ఎవరిచేతనైనా మూయించి, పద్ధతిని మాత్రమే ముందు చదవాలి. ఎంతమంది, ఎంతకాలం, ఏమి కొలిచారు, దేనితో పోల్చారు. చదివి, ఈ పద్ధతి నమ్మదగినదా కాదా అని ఒక వాక్యం వ్రాసి తేదీ వేసి, అప్పుడు ఫలితం చూడాలి. ఫలితం చూశాక మన తీర్పు మారితే, ఆ మార్పు పద్ధతివల్ల వచ్చినది కాదని మన చేతివ్రాతే సాక్ష్యం చెబుతుంది. మా గోష్ఠిలో ఇప్పుడు ఏ పరిశోధనావార్త తెచ్చినా తెచ్చినవారు ఫలితాన్ని చేతితో మూసి మిగతాది చదివి వినిపిస్తారు. మొదట వేడుకగా ఉండేది, ఇప్పుడు అలవాటైంది.

వంటశాల, సరస్సు, కాల్చిన ఇనుపగుండు

ఇంతవరకు చెప్పినది ఇతరులు తెచ్చిన సాక్ష్యాన్ని చదవడం. తానే సాక్ష్యం వెదకవలసి వచ్చినప్పుడు దోషం మరొక రూపం ధరిస్తుంది. దీనిని 1960లో లండన్‌లో పీటర్ వేసన్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు ఒక సులభమైన ఆటతో చూపాడు.

విద్యార్థికి 2, 4, 6 అనే మూడు సంఖ్యలు చెబుతారు. ఇవి నా మనస్సులోని ఒక నియమానికి లోబడి ఉన్నాయి, ఆ నియమమేమిటో కనుగొనాలి అంటారు. విద్యార్థి తనకు తోచిన మూడేసి సంఖ్యలు చెబుతాడు, పరీక్షకుడు అవి నియమానికి సరిపోతాయో లేదో మాత్రం చెబుతాడు. నిశ్చయం కలిగినప్పుడు నియమాన్ని ప్రకటించవచ్చు. సాధారణంగా విద్యార్థికి, రెండేసి చొప్పున పెరగడమే నియమమని తోస్తుంది. 8, 10, 12 అంటాడు, సరిపోయింది. 20, 22, 24 అంటాడు, సరిపోయింది. 100, 102, 104 కూడా సరిపోయింది. ఇక సందేహమేమిటని ప్రకటిస్తాడు. తప్పు. అసలు నియమం, సంఖ్యలు క్రమంగా పెరగడం, అంతే. పాల్గొన్న 29 మందిలో తొలిప్రకటనలోనే సరియైన నియమం చెప్పినవారు 6 మంది.

ఇక్కడ విద్యార్థి సోమరి కాడు, పరీక్ష చేస్తూనే ఉన్నాడు. కానీ అతని పరీక్షలన్నీ తన ఊహ సత్యమైతే ‘అవును’ అనే సమాధానం వచ్చేవే. అతని ఊహ సంకుచితం, అసలు నియమం విశాలం. సంకుచితమైనది విశాలమైన దానిలోనే ఇమిడి ఉంది కనుక, ఆ లోపల ఎన్ని ఉదాహరణలు తీసినా అన్నీ సరిపోతాయి. తన ఊహకు సరిపోని 1, 2, 3 అని ఒక్కసారి అడిగి ఉంటే, అదీ సరిపోయిందన్న సమాధానంతో ఊహ కూలిపోయేది.

న్యాయశాస్త్రం చదివినవారికి ఈ ఆట పరిచితంగా తోస్తుంది. పర్వతం మీద ధూమం చూసి అగ్నిని అనుమానించడానికి వ్యాప్తిజ్ఞానం కావాలి. ఆ వ్యాప్తి ఎట్లా తెలుస్తుంది? వంటశాలలో ధూమమూ అగ్నీ కలిసి ఉన్నాయి, ఇది సపక్షం. ఇంతటితో ఆగరాదని నైయాయికులు అన్నారు. అగ్ని లేదని నిశ్చయంగా తెలిసిన స్థలం, అంటే సరస్సు, అక్కడ ధూమం ఉందా లేదా అని చూడాలి; ఇది విపక్షం. ఈ పరిభాషలో విపక్షమంటే ప్రతివాది కాడు, సాధ్యం లేని స్థలం. సహచారాన్ని చూడటంతో పాటు వ్యభిచారం కనబడకుండటం కూడా వ్యాప్తినిశ్చయానికి కావాలని గంగేశుని సంప్రదాయం చెబుతుంది. కనబడకపోవడమంటే కన్ను మూసుకోవడం కాదు, వెదకినా దొరకకపోవడం.

దీనిని తిరగవేసి, అగ్ని ఉన్నచోటల్లా ధూమం ఉంటుందని ఒక శిష్యుడు ప్రతిజ్ఞ చేశాడనుకుందాం. వంటశాల సరిపోతుంది. యజ్ఞశాల సరిపోతుంది. కుమ్మరి ఆవము సరిపోతుంది. నూరు ఉదాహరణలు సరిపోతాయి. కాల్చిన ఇనుపగుండు ఒక్కటి చూపితే ప్రతిజ్ఞ భగ్నమవుతుంది. అక్కడ అగ్ని ఉంది, ధూమం లేదు. వంటశాలల్లో ధూమాన్ని పుట్టించినది అగ్ని మాత్రమే కాదు, తడికట్టె. ఆ మరుగున ఉన్న కారణానికి ఉపాధి అని పేరు. వంటశాల తరువాత వంటశాల చూస్తూ పోయినవానికి ఉపాధి ఎన్నటికీ కనబడదు. సరిగ్గా 8, 10, 12 అంటూ పోయినవానికి వలెనే.

నాలుగు గడులు

ఇప్పుడొక ఉదాహరణను పూర్తిగా నడిపి చూద్దాం. బ్రాహ్మీముహూర్తంలో లేచి చదివేవారికి ఉత్తమశ్రేణి వస్తుందని ఒక విద్యార్థినికి నమ్మకం ఉంది. దానిని పరీక్షించాలని, తన కళాశాలలో ఉత్తమశ్రేణి పొందిన 20 మందిని అడిగింది. వారిలో 15 మంది తెల్లవారుజామున లేచి చదివేవారే. సంఖ్యలు వివరణకై కల్పించినవి. తర్కం మాత్రం వాస్తవం. నూటికి డెబ్బదియైదు మంది! ఇంతకంటె ప్రమాణం ఏమి కావాలి అని తోస్తుంది.

కానీ ఆమె చూసినది వంటశాలలనే. సరస్సు వైపు వెళ్ళలేదు. ఉత్తమశ్రేణి రాని 80 మందిని కూడా అడిగితే, వారిలో 60 మంది తెల్లవారుజామున లేచేవారేనని తేలింది. ఒక కాగితం మీద రెండు గీతలు అడ్డంగా నిలువుగా గీసి నాలుగు గడులు చేద్దాం. లేచినవారు, శ్రేణి వచ్చినవారు: 15. లేచినవారు, శ్రేణి రానివారు: 60. లేవనివారు, శ్రేణి వచ్చినవారు: 5. లేవనివారు, శ్రేణి రానివారు: 20. లేచిన 75 మందిలో శ్రేణి వచ్చినది 15 మందికి, అంటే అయిదింట ఒకరికి. లేవని 25 మందిలో 5 మందికి, అదీ అయిదింట ఒకరికే. ఈ కళాశాలలో వేకువలేవడానికీ శ్రేణికీ సంబంధమున్నట్లు ఈ లెక్క చూపడం లేదు. తొలిగడిలోని 15 మంది ఎంత ఘనంగా కనిపించినా, మిగిలిన మూడు గడులు లేకుండా వారు ఏమీ చెప్పలేరు.

ఒకవేళ లేచినవారిలో శ్రేణి వచ్చినవారు ఎక్కువే అనుకుందాం. అప్పుడు కూడా ఉపాధిని వెదకాలి. తెలుగునాట వసతిగృహాలున్న కళాశాలలలో విద్యార్థులందరినీ వేకువనే గంట కొట్టి లేపడం పరిపాటి. అక్కడ అదనపు బోధన, ప్రతివారం పరీక్ష, భోజనవసతి కూడా ఉంటాయి. ఇంటినుండి వచ్చే విద్యార్థికి ఇవేవీ లేవు. అప్పుడు ఫలితమిచ్చినది ముహూర్తమా, వసతిగృహమా? తెలుసుకోవడానికి వసతిగృహంవారిని వేరుగా, ఇంటినుండి వచ్చేవారిని వేరుగా తీసి, ఒక్కొక్కరికి నాలుగేసి గడులు మరల గీయాలి. ఇదే తడికట్టెను అగ్నినుండి వేరుచేసి చూడటం.

ఈ లెక్క బ్రాహ్మీముహూర్త మహిమను ఖండించినది కాదని గమనించాలి. ధ్యానానికి, జపానికి ఆ సమయం ఎందుకు విహితమైనదో, దానికి శాస్త్రం చెప్పే ప్రయోజనమేమో అది వేరు విషయం. శ్రేణి వస్తుందన్నది లౌకికమైన, లెక్కకు లొంగే మాట. లెక్కకు లొంగే మాటను లెక్కతో పరీక్షించాలి. ఆ విద్యార్థిని కూడా గడులు గీశాక వేకువలేవడం మానలేదు. శ్రేణి కోసమని మాత్రం ఎవరికీ చెప్పడం లేదు.

కనుక మూడవ అభ్యాసం గడులు నాలుగూ నింపడం. ‘ఇది చేసినవారికి అది జరిగింది’ అన్న మాట వినగానే, చేసీ జరగనివారెందరు, చేయకయే జరిగినవారెందరు, చేయకా జరగకా ఉన్నవారెందరు అని అడగాలి. సంఖ్యలు దొరకకపోవచ్చు. అప్పుడు గడి ఖాళీగా ఉంచి, ఖాళీ అని వ్రాయాలి. ఖాళీగడి కంటి ముందుంటే నిశ్చయం తనంతట తానే సంయమనం పాటిస్తుంది.

వెంటనే వ్రాసుకోవడం

నాలుగవ అభ్యాసం జ్ఞాపకానికి సంబంధించినది. చార్లెస్ డార్విన్ తన ఆత్మకథలో తాను అనేక సంవత్సరాలు పాటించిన ఒక నియమాన్ని పేర్కొన్నాడు. తన సాధారణసిద్ధాంతాలకు విరుద్ధమైన వాస్తవం గాని, పరిశీలన గాని, ఆలోచన గాని ఎదురైతే, దానిని వెంటనే వ్రాసిపెట్టుకునేవాడు. అటువంటివి అనుకూలమైనవాటికంటె శీఘ్రంగా స్మృతినుండి జారిపోతాయని అనుభవంతో గ్రహించాడు. తన గ్రంథంపై వచ్చిన ఆక్షేపణలలో తాను ముందే గమనించి సమాధానం చెప్పుకోనివి చాల తక్కువగా ఉండటానికి ఈ అలవాటే కారణమన్నాడు.

విద్యార్థి పుస్తకంలో ఎడమపుట స్వపక్షానికి, కుడిపుట ప్రతికూలసాక్ష్యానికి కేటాయిస్తే చాలు. కుడిపుట నెలల తరబడి ఖాళీగా ఉంటే రెండే అర్థాలు: సిద్ధాంతం నిర్దోషమైనది, లేదా వెదకడం జరగలేదు. రెండవదే తరచుగా సత్యం. మన మీమాంసకులు ప్రతి అధికరణంలోనూ సిద్ధాంతానికి ముందు పూర్వపక్షాన్ని నిలిపారు. ఆ పూర్వపక్షం బొమ్మవలె నిలబెట్టి పడగొట్టడానికి కాక, ప్రతివాది తానై చెప్పుకున్నా అంతకంటె బాగా చెప్పలేడన్నంత బలంగా ఉన్నప్పుడే సిద్ధాంతానికి గౌరవం. కుడిపుట అటువంటి పూర్వపక్షానికి ముడిసరుకు.

ఒక హద్దు

ఇంతా చెప్పాక ఒక సందేహం మిగులుతుంది. పూర్వజ్ఞానమంతటినీ పక్కనబెట్టి, ప్రతి సాక్ష్యాన్నీ పసిబిడ్డవలె చదవాలా? అక్కరలేదు. అగ్ని చల్లనిది, ద్రవ్యం కనుక, జలంవలె అని ఎవరైనా అనుమానం చేస్తే, నైయాయికుడు దానిని బాధితమని త్రోసిపుచ్చుతాడు. ప్రత్యక్షం బలవత్తరంగా అడ్డు నిలుస్తుంది కనుక. దృఢమైన పూర్వప్రమాణం ఉన్నచోట, దానికి విరుద్ధమైన ఒక్క చిన్న పరిశోధనను చూసి నిర్ణయం మార్చుకోకపోవడం దోషం కాదు.

దోషం మరొకచోట ఉంది. ‘ఈ నిర్ణయం నాకు తెలిసిన బలమైన ప్రమాణాలకు విరుద్ధం, కనుక మరింత సాక్ష్యం కావాలి’ అనడం వివేకం. ‘ఈ నిర్ణయం నాకు విరుద్ధం, కనుక ఈ పద్ధతి చెడ్డది’ అనడం పక్షపాతం. మొదటివాడు పద్ధతిని పద్ధతిగానే తూచి, తన పూర్వప్రమాణాన్ని పేరు పెట్టి చెబుతాడు. రెండవవానికి చెప్పడానికి పూర్వప్రమాణం ఉండదు, ఇష్టం మాత్రమే ఉంటుంది. మనం ఏ కోవలో ఉన్నామో తెలుసుకోవడానికి ఫలితవిపర్యయమే మళ్ళీ ఉపకరిస్తుంది.

మరొక సూక్ష్మం. ఈ దోషాన్ని గురించి చదివినవారు దానిని మొదట ఇతరులలో కనుగొంటారు. ఆస్తికుడు నాస్తికునిలో, నాస్తికుడు ఆస్తికునిలో. మా గోష్ఠిలో ధ్యానం కాగితాలు చూసిన మరుసటి వారం, ఒక విద్యార్థి తన సహాధ్యాయి వాదనలో మూడు చోట్ల పక్షపాతం చూపి సంతోషించాడు. అతనిని కుడిపుట తెరవమన్నాను. ఖాళీగా ఉంది. నవ్వి, కలం తీశాడు. ఆ రోజు చర్చలో ఉన్నది తులసి కషాయం మీద ఒక పరిశోధన. దానిలో కషాయం తాగనివారి సంగతి ఎక్కడా లేదన్నది అతడు తన కుడిపుటలో వ్రాసుకున్న మొదటి వాక్యం.